ఖర్చు లేని వారం: మిగిలిందెంత, వాయిదా పడిందెంత?

ఏడు రోజులు అవసరం లేని ఖర్చు ఏదీ పెట్టకూడదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు పెట్టుకునే ఈ పందెంలో చాలామంది చివరి లెక్క తప్పుగా వేసుకుంటారు. ఆ లెక్క సరిగ్గా రావాలంటే పందెం మొదలుకాకముందే ఒక పని చెయ్యాలి. గత నాలుగు వారాల్లో అవసరం లేని ఖర్చు ఎంతయిందో కూడాలి.

దీనికి బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కటే చాలదు. యూపీఐ లైట్‌తో కట్టిన చిన్న మొత్తాలు అందులో విడివిడిగా కనిపించవు. లైట్‌లోకి వేసుకున్న మొత్తమే కనిపిస్తుంది. టీ, సమోసాల లెక్క యాప్‌లోనే చూసుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కూకట్‌పల్లి హాస్టల్లో ఉండే కుర్రాడికి నెల జీతం 28,000. నాలుగు వారాల సగటు చూస్తే వారానికి బయటి తిండి ఆర్డర్లు 1,000, టీ, చిరుతిళ్లు 490, బైక్ ట్యాక్సీ 450, ఆన్‌లైన్ కొనుగోళ్లు, యాప్ చందాలు 360. మొత్తం 2,300. అద్దె, బస్ పాస్, మందులు, ఇంటికి పంపే డబ్బు పందెంలోకి రావు. జీతం పడిన వారం, పండగ వారం కాకుండా నెల మధ్యలో ఒక వారం ఎంచుకున్నాడు. రోజూ రాత్రి పది గంటలకు గదిలో ఉండే అన్నకు లెక్క చెప్పాలి. ఎంత ఖర్చయిందో చెబితే సరిపోదు, చెయ్యి ఫోన్ మీదకు ఎప్పుడు, ఎందుకు వెళ్లిందో కూడా చెప్పాలి.

సోమవారం. "ఏరా, ఎంతైంది?" "సున్నా అన్నా. టీ మాత్రం ఆఫీసులో ఫ్రెండ్ ఇప్పించాడు." "అది సున్నా కాదు, బాకీ. పదిహేను రాయి."

మంగళవారం. "వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది, మెస్ మూసేశారు. ఆర్డర్ పెట్టబోయి ఆగాను. అటుకులు తిన్నాను." "రోజూ ఇంతేనా?" "వారంలో మూడు రోజులు లేటవుతుంది." "మరి ప్లేటు తీసి పెట్టమని వంట ఆంటీకి చెప్పొచ్చుగా?"

వారానికి 1,000 ఎందుకు పోతోందో ఇక్కడ బయటపడింది. జిహ్వచాపల్యం కాదు, మెస్ వేళలు కుదరకపోవడం.

బుధవారం. వాన పడింది, బైక్ ట్యాక్సీకి 110 అయింది. పందెం పోయిందని మానేయలేదు, రాసుకుని కొనసాగించాడు.

గురువారం. ఛార్జర్ కేబుల్ పాడైంది. కొత్తది 250. అన్న కేబుల్‌తో సరిపెట్టుకున్నాడు. 699 చొక్కా ఒకటి నచ్చినా కొనలేదు.

శుక్రవారం. "అన్నా, 149 కట్ అయింది! నేనేం కొనలేదు." "ఆటోపే. ముందురోజే మెసేజ్ వచ్చి ఉంటుంది, చూడు." వచ్చింది, అతనే చదవలేదు. చూడని యాప్ చందా అది. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి రద్దు చేశాడు.

శనివారం. స్నేహితుడి పుట్టినరోజుకు తన వాటా 200 ఇచ్చాడు.

ఆదివారం. సున్నా.

ఇక లెక్క. 15, 110, 149, 200 కలిపితే 474. మామూలుగా అయ్యే 2,300లోంచి తీసేస్తే 1,826. అంతా మిగిలినట్టేనా? కాదు. కేబుల్ సోమవారం ఎలాగూ కొనాలి. అది పొదుపు కాదు, వాయిదా. ఆ 250 తీసేస్తే నిజంగా మిగిలింది 1,576.

కొనని చొక్కా 699 కూడా కలుపుకుందామనిపిస్తుంది. కలపకూడదు. 2,300లో కొనుగోళ్ల సొమ్ము అప్పటికే ఉంది. కలిపితే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

ఆ 1,576ను ఆదివారం రాత్రే వేరే ఖాతాకు మార్చాలి. జీతం ఖాతాలోనే ఉంచితే తర్వాతి వారం తెలియకుండానే కరిగిపోతుంది. తర్వాతి వారం ఖర్చు కూడా రాయాలి. కేబుల్ కాకుండా 2,300 దాటితే, ఎంత దాటిందో అంతా పొదుపులోంచి కొట్టేయాలి. వారమంతా బిగబట్టినవాళ్లు ఆ తర్వాత ఒక్కసారిగా ఖర్చుపెట్టడం మామూలే. ఈ 1,576ను 52తో గుణించి ఏడాది పొదుపని అనుకోవడమూ తప్పే.

ఈ వారంలో నిలిచే లాభాలు రెండు: మెస్‌లో తీసి పెట్టించుకునే ప్లేటు, రద్దయిన చందా. వీటికి రోజూ మనసును బిగబట్టనక్కర్లేదు. మీరు ఈ వారం పాటిస్తే సున్నా రోజులు ఎన్నో లెక్కపెట్టుకోకండి. ఏ ఖర్చుకు కారణం దొరికిందో, దాన్ని ఎలా ఆపారో రాసుకోండి. అలాంటిది ఒక్కటి దొరికినా పందెం గెలిచినట్టే.