పిన్ని పంపిన స్క్రీన్‌షాట్

ఆదివారం పొద్దున్నే పిన్ని వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. వాళ్లబ్బాయి బ్యాంకు యాప్‌లో ఆమె పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ స్క్రీన్‌షాట్ అది. అసలు 10,00,000. వడ్డీ 7 శాతం. గడువు 3 ఏళ్లు. కింద పెద్ద అక్షరాలతో Maturity Amount: 12,31,439. వెంటనే ఫోన్ చేసింది.

"ఏరా, మూడేళ్లకి ఇంత చేతికొస్తుందంటావా?"

"రావచ్చు పిన్నీ. కానీ ఆ అంకెలో పన్ను కోత లేదు."

ముందు ఆ అంకె ఎలా వచ్చిందో చూద్దాం. బ్యాంకులు మామూలుగా మూడు నెలలకోసారి వడ్డీ కడతాయి. 7 శాతంలో నాలుగో వంతు 1.75. పది లక్షల మీద మొదటి మూడు నెలలకి 17,500. పిన్ని దాన్ని తీసుకోలేదు కాబట్టి అది అసలులో కలిసింది. తర్వాతి మూడు నెలలకి 10,17,500 మీద వడ్డీ. ఇలా పన్నెండుసార్లు చక్రవడ్డీ తిరిగితే 2,31,439 వడ్డీ అవుతుంది.

ఇలా కలిసింది Interest Payout అన్నచోట 'గడువు తీరాక' అని ఎంచుకున్నందుకే. అక్కడే మూడు నెలలకోసారి అని నొక్కి ఉంటే 17,500 చొప్పున ఆమె సేవింగ్స్ ఖాతాలో పడేది. మూడేళ్లకి వడ్డీ 2,10,000 మాత్రమే. అప్పుడు Maturity Amount దగ్గర ఉత్త 10,00,000 కనిపిస్తుంది. అది చూసి వడ్డీ ఎగిరిపోయిందని కంగారుపడేవాళ్లున్నారు. వడ్డీ ఎప్పటికప్పుడు చేతికొచ్చేసింది, అంతే. నెలనెలా కావాలంటే నెలకి దాదాపు 5,800 వస్తుంది. 17,500ని మూడుతో భాగిస్తే వచ్చే 5,833 కాదు. మూడు నెలలకి అందాల్సిన డబ్బు ముందే తీసుకుంటున్నాం కాబట్టి బ్యాంకు ఆ మేరకు తగ్గించి ఇస్తుంది.

ఇక TDS. అంటే వడ్డీ మన చేతికి రాకముందే బ్యాంకు అందులో కొంత కోసి, మన పాన్ పేరున ఆదాయపు పన్ను శాఖకు కట్టడం. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న లెక్క ప్రకారం ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే కోత పడుతుంది. 60 ఏళ్లు నిండినవాళ్లకి ఆ హద్దు లక్ష. పాన్ ఇస్తే 10 శాతం, ఇవ్వకపోతే 20. హద్దు దాటాక కోత మొత్తం వడ్డీ మీద, దాటిన ముక్క మీద కాదు. ఒకే బ్యాంకులో నాలుగు బ్రాంచీల్లో విడివిడిగా వేసినా అన్నీ కలిపే లెక్కేస్తారు.

పిన్నికి 57 ఏళ్లు. మొదటి ఏడాది వడ్డీ 71,859. హద్దు దాటింది. "గడువు తీరేదాకా నాకు రూపాయి రాదు కదా, ఏం కోస్తారు?" అంది. తిరకాసు అక్కడే ఉంది. చేతికి రాకపోయినా ఆ ఏడాది ఖాతాలో జమైన వడ్డీ మీద ఆ ఏడాదే కోస్తారు. చాలాచోట్ల ఆ డబ్బు డిపాజిట్‌లోంచే తీస్తారు. తీసిన డబ్బుకి ఇక వడ్డీ పుట్టదు. ప్రతి మూడు నెలలకీ 10 శాతం అలా పోతుందనుకుంటే మూడేళ్లకి చేతికొచ్చేది సుమారు 12,06,263. స్క్రీన్‌షాట్‌లో ఉన్నదానికంటే 25,176 తక్కువ. ఇందులో కోసిన పన్ను దాదాపు 22,900. మిగతా 2,250 చిల్లర ఆ డబ్బు మీద పుట్టాల్సిన వడ్డీ.

కోసిన పన్ను పోయినట్టు కాదు. అది ముందస్తుగా కట్టిన పన్ను. ఆదాయపు పన్ను సైట్‌లో చూస్తే బ్యాంకు ఎంత కట్టిందో కనిపిస్తుంది. పిన్నికి ఈ వడ్డీ తప్ప వేరే ఆదాయం లేదు, పన్ను పడదు. రిటర్ను వేస్తే తిరిగొస్తుంది. ఎక్కువ ఆదాయమున్నవాళ్ల సంగతి వేరు: 30 శాతం శ్లాబులో ఉంటే 10 కోసినా మిగతాది వాళ్లే కట్టాలి. కోత పడకపోయినా వడ్డీ ఆదాయమే, రిటర్నులో చూపాల్సిందే.

అసలు కోతే పడకుండా ఉండాలంటే, తనకి పన్ను పడదని బ్యాంకుకి స్వయంగా రాసిచ్చే పత్రం ఉంది. ఇన్నేళ్లుగా అందరి నోటా 15జి, 60 నిండినవాళ్లకైతే 15హెచ్ అన్నది అదే. నిజంగా పన్ను పడనివాళ్లే ఇవ్వాలి. చాలామంది డిపాజిట్ వేసిన రోజు ఒక్కసారి ఇచ్చి ఊరుకుంటారు. అది ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. రెండో ఏడాది కోత పడ్డాక గానీ సంగతి తెలియదు.

ఇదంతా విని పిన్ని, "అయితే ఏటా ఏప్రిల్లో ఉగాది పచ్చడితో పాటు ఈ కాగితం కూడానన్నమాట" అంది. క్యాలెండర్‌లో రాసుకుందట. ఆ కాగితాలన్నీ వేళకి అందితే, స్క్రీన్‌షాట్‌లోని 12,31,439 ఆమెకి అలాగే వస్తుంది.