ఫోన్ మోగితే పని ఉన్నట్టే ఉండాలి

టాస్క్ ట్రాకర్ అనగానే మనకి సాఫ్ట్‌వేర్ ఆఫీసులే గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది మాత్రం పలాసలో మా బాబాయి నడిపే చిన్న జీడిపప్పు యూనిట్ గురించి. ఆర్డర్లు రాసుకునే నోటు పుస్తకం పక్కన పెట్టి, ఇప్పుడు వాళ్ళు రెడ్‌మైన్ వాడుతున్నారు. 2006 నుంచి ఉన్న ఉచిత ప్రోగ్రామ్ ఇది, మన సర్వర్‌లో మనమే పెట్టుకోవచ్చు. ఒక్కో ఆర్డర్ ఒక్కో టాస్క్. గ్రేడ్ ఏది, డబ్బాలు ఎన్ని, ఏ రోజు పంపాలి, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది... అన్నీ అందులోనే.

వాడేది ఐదుగురు. బాబాయి, ఉద్దానం ఊళ్ళు తిరిగి పిక్కలు కొనే మావయ్య, గ్రేడింగ్ చూసే అక్క, ప్యాకింగ్ చూసే తమ్ముడు, లెక్కలు రాసే కుర్రాడు.

ఒకసారి విశాఖ వ్యాపారి ఒకాయన ముప్పై డబ్బాల ఆర్డర్‌ని మధ్యలో మార్చాడు. అన్నీ W320 అన్నవాడు, పది డబ్బాలు W240 కావాలన్నాడు. ఈ అంకె పౌండుకి ఎన్ని గుళ్ళు తూగుతాయో చెబుతుంది. 240 అంటే పెద్ద గుండు, 320 అంటే కాస్త చిన్నది. లెక్కల కుర్రాడు వెంటనే టాస్క్‌లో మార్చాడు, ఐదుగురికీ మెయిల్ వెళ్ళింది. కానీ వ్యాన్ వచ్చి గేటు దగ్గర ఆగేదాకా ఆ సంగతి గ్రేడింగ్‌లో ఎవరికీ తెలీదు! W320 డబ్బా విప్పి ఏరినంత మాత్రాన అందులోంచి W240 రాదు కదా. వేరే లాట్ వెతకాలి. ఆ రోజు వ్యాన్ ఇరవై డబ్బాలతోనే వెళ్ళింది.

మెయిల్ చూడలేదా అని అక్కని అడిగితే, "ఏటి బాబూ, పొద్దున్నించి టింగు టింగు మంటాది. అందులో నాకు పనికొచ్చేది ఏదో నాకెలా తెలుస్తాది? అందుకే సౌండు తీసేసినాను" అంది. ఆమె చేసింది తప్పని నేను అనుకోను. వారానికి పన్నెండు ఆర్డర్లు, ఒక్కోదానికి మొదటినుంచి చివరిదాకా సుమారు ఎనిమిది మార్పులు. అంటే మనిషికి దాదాపు వంద మెయిల్స్. అందులో అక్క చేతిపని మార్చేవి ఐదారు ఉంటాయేమో.

ఇంత మోత ఎందుకని చూస్తే, ప్రతి టాస్క్‌లోనూ కుడిపక్క Watchers కింద ఐదుగురి పేర్లూ ఉన్నాయి. "అందరికీ తెలిసి ఉంటే మంచిది కదరా" అన్నది బాబాయి లాజిక్. ఇక్కడే ఒక మెలిక ఉంది. రెడ్‌మైన్‌లో ఎవరికి వాళ్ళు My account పేజీలో ఎలాంటి మెయిల్స్ రావాలో ఎంచుకోవచ్చు. మొత్తం రావాలంటే ఒకటి, నాకు అప్పజెప్పినవే చాలంటే ఒకటి, ఇలా. కానీ వాచర్‌గా పేరుంటే ఈ ఎంపికలు ఏవీ ఆ మెయిల్‌ని ఆపవు. ఆపేది No events ఒక్కటే. అది పెడితే మనకి అప్పజెప్పిన పని గురించి కూడా మెయిల్ రాదు. కాబట్టి సెట్టింగ్ ఎంత మార్చినా, ముందు వాచర్ల జాబితాలోంచి పేర్లు తీయకపోతే లాభం లేదు.

పేర్లు తీసేశాం. తర్వాత ఒక్కొక్కరినీ ఒకటే అడిగాను: ఏ మార్పు జరిగితే నువ్వు చేస్తున్న పని ఆపి వేరేది చేయాలి?

అక్క జవాబు స్పష్టంగా ఉంది. గ్రేడ్ మారితే, డబ్బాల లెక్క మారితే. అదీ వ్యాన్ ఎక్కేవరకే. ఆమెకి For things I watch or I am assigned to పెట్టాం. గ్రేడింగ్ నడుస్తున్నప్పుడు టాస్క్ ఆమె పేరు మీదే ఉంటుంది కాబట్టి మార్పులు వస్తాయి. గ్రేడింగ్ అయ్యాక టాస్క్ తమ్ముడి పేరుకి మారుతుంది. ఆ చేతులు మారిన మెయిల్ ఒక్కటి ఆమెకి కూడా వస్తుంది, అక్కడితో ఆఖరు. విశాఖ ఆర్డర్ మారింది సరిగ్గా ఆ దశలోనే. అందుకే టాస్క్ అప్పజెప్పేటప్పుడే అక్క తన పేరు వాచర్‌గా పెట్టుకుంటుంది, సరుకు వెళ్ళాక తీసేస్తుంది. పని చేతిలో లేదు కానీ కబురు కావాలి అన్న మనిషి కోసమే వాచర్ అనేది ఉంది.

బాబాయి కథ వేరు. ఆర్డర్లన్నీ ఆయనే ఎక్కిస్తాడు. మామూలుగా ఉండే For things I watch or I'm involved in లో, టాస్క్ సృష్టించిన వాళ్ళు కూడా 'సంబంధం ఉన్నవాళ్ళే'. అంటే వాచర్‌గా తీసేసినా ఆయనకి అన్నీ వస్తూనే ఉంటాయి. ఆయనకీ అక్కకి పెట్టిందే పెట్టి, సాయంత్రం ఒకసారి తెరిచి చూసుకునేలా పెండింగ్ ఆర్డర్ల జాబితాని సేవ్ చేసి ఇచ్చాం. మొదట్లో కొంచెం అలిగాడనుకోండి! మావయ్యకి పిక్కల కొనుగోలు విడి ప్రాజెక్ట్ కాబట్టి, ఎంచుకున్న ప్రాజెక్టులవి మాత్రమే వచ్చే ఆప్షన్ సరిపోయింది. కవిటిలోనో మందసలోనో బేరం ఆడుతున్నవాడికి ప్యాకింగ్ సంగతులు ఎందుకు?

ఎవరి మార్పు వాళ్ళకే మెయిల్‌గా రాకుండా I don't want to be notified of changes that I make myself కి టిక్ పెట్టడం అందరికీ చేశాం.

ఇంకో చోట జాగ్రత్త పడాలి. అడ్మిన్ సెట్టింగ్స్‌లో ఏ రకం మార్పులకి మెయిల్ వెళ్ళాలో తగ్గించుకోవచ్చు. Issue updated తీసేసి Status updated, Note added లాంటివి మాత్రం ఉంచితే మోత ఇంకా తగ్గుతుంది. అయితే ఇది మనిషికో రకంగా కుదరదు, మొత్తం సైట్‌కి ఒకటే. పైగా గ్రేడ్, డబ్బాల సంఖ్య మనం చేర్చుకున్న సొంత గళ్ళు. వాటికి విడిగా టిక్ లేదు. గడువు తేదీకీ లేదు. నోట్ రాయకుండా W320ని W240 చేసి సేవ్ కొడితే ఎవరికీ ఏ మెయిలూ వెళ్ళదు. మోత తగ్గిందని సంబరపడతాం, కావాల్సిన కబురే మాయం!

దీనికి మేం Changed అని కొత్త స్టేటస్ చేర్చాం. గ్రేడ్, లెక్క, తేదీల్లో ఏది మార్చినా స్టేటస్‌ని దానికి మార్చి, ఒక వాక్యం నోట్ రాయాలి. స్టేటస్ మారినప్పుడు మెయిల్ సబ్జెక్టులో అది కనిపిస్తుంది కాబట్టి అక్క జీమెయిల్‌లో ఈ ఫిల్టర్ పెట్టి, ఒక లేబుల్ తగిలించాం.

```
subject:Changed
```

జీమెయిల్ యాప్‌లో ఆ లేబుల్‌కి మాత్రమే, వచ్చిన ప్రతి మెయిల్‌కీ మోగేలా సౌండ్ ఆన్ చేశాం. మిగతావి మౌనంగా వచ్చి పడతాయి, తీరిక ఉన్నప్పుడు చూసుకుంటుంది. ఆ మార్పు చూశాక అక్క ప్రతిసారీ స్టేటస్ వెనక్కి మారుస్తుంది. చూశానన్న గుర్తు కూడా అదే.

సరిగ్గా అమరిందో లేదో తెలుసుకోడానికి ఉత్తుత్తి ఆర్డర్ ఒకటి పెట్టి చూశాం. అక్క గ్రేడింగ్ ముగించి అప్పజెప్పినట్టు చేసి, తర్వాత గ్రేడ్ మార్చాం. అక్క ఫోన్ మోగాలి, తమ్ముడిది మోగాలి, మావయ్యది మోగకూడదు. మోగకూడనిది మోగితే వాచర్ల జాబితా చూడాలి. మోగాల్సింది మోగకపోతే ముందు మెయిల్ వచ్చిందా అని ఇన్‌బాక్స్‌లో చూడాలి. వస్తే లోపం ఫోన్ సెట్టింగ్‌లో ఉంది, రాకపోతే రెడ్‌మైన్‌లో.

టెక్కలి నుంచి వ్యాన్ తెచ్చే డ్రైవర్‌ని మాత్రం ఇందులో చేర్చలేదు. బండి నడిపే మనిషి మెయిల్ చూస్తాడని ఎలా అనుకుంటాం? తేదీ మారితే లెక్కల కుర్రాడు ఆయనకి ఫోన్ చేసి, చెప్పానని టాస్క్‌లో రాస్తాడు.