ఎనిమిదికి ముందు వద్దు, ఏడు దాటాక వద్దు

పదో తరగతి పరీక్షలు మార్చి నెలాఖరుకు అయిపోతే, ఇంటర్ తరగతులు మొదలయ్యేసరికి రెండు నెలలు గడుస్తాయి. సరిగ్గా అదే సమయంలో గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో మిరప ఆఖరి కోతలు నడుస్తుంటాయి. కళ్లాల నిండా ఎర్రగా కాయలు ఆరుతుంటాయి. రైతుకు మనిషి కావాలి, పదిహేనేళ్ల పిల్లాడికి నాలుగు డబ్బులు కావాలి. బేరం కుదిరినట్టే ఉంటుంది. కుదరనిదల్లా టైము.

1986 నాటి బాల కార్మిక చట్టానికి 2016లో సవరణ వచ్చింది. దాని ప్రకారం పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని కూలికి పెట్టుకోకూడదు. సెలవుల్లో ప్రమాదం లేని సొంత ఇంటి పనికి సాయపడొచ్చు. పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండని వాళ్లు గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర రసాయనాల లాంటి నిషేధించిన పనులు తప్ప మిగతావి చేయొచ్చు. అయితే ఏకబిగిన మూడు గంటలకు మించకూడదు. ఆ తర్వాత గంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతితో కలిపి రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు. రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది దాకా పని చేయించకూడదు. వారానికో సెలవు తప్పనిసరి. దుకాణాలతో పాటు వ్యవసాయ క్షేత్రం కూడా ఈ చట్టం కిందికే వస్తుంది.

చిక్కంతా ఇక్కడే. కోత కూలీలు తెల్లవారకముందే చేలో దిగి, ఎండ ముదిరేలోగా బయటపడాలని చూస్తారు. ఆ చల్లని వేళ పిల్లాడికి చట్టం ఒప్పుకోదు. అది ఒప్పుకునే వేళకి రెంటచింతల వైపు చేలో నిలబడలేం. ఈ గంటలు రాసినవాళ్లు మన ఏప్రిల్ ఎండ చూసి ఉండరు. ఏమైనా, కోత పని మన లెక్కలో లేనట్టే. మందు కొట్టే పని ఎటూ వద్దు.

మిగిలింది కళ్లం. మిట్టమధ్యాహ్నం ఎండిన కాయ పెళుసెక్కి, ముట్టుకుంటే విరిగి గింజ రాలుతుంది. అందుకే ఏరడం, సంచులకెత్తడం పొద్దు వాలాక పెట్టుకోవడం మేలు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా అంటే సరిగ్గా మూడు గంటలు. నీడలో కూర్చుని రంగు పోయి తెల్లబారిన తాలు కాయల్ని ఎర్రకాయల్లోంచి వేరుచేయాలి. తాలు కలిస్తే యార్డులో లాటు ధర పడిపోతుంది కాబట్టి ఈ పనికి విలువుంది. దానికన్నా పదో తరగతి చదివిన పిల్లాడికి నప్పేది లెక్కల పుస్తకం. ఏ సంచి ఎంత తూగింది, ఖాళీ గోతం బరువు తీస్తే నికరం ఎంత, ఏ కూలీకి ఎంత బాకీ అని రాసుకోవాలి. గోతం బరువు తీయడం మరిచిపోతే ఇంటి లెక్కకీ యార్డు తూకానికీ పొంతన కుదరదు. నలభై కిలోలు దాటే టిక్కీలు మోయడం మాత్రం పెద్దవాళ్ల పని.

గంటకు అరవై చొప్పున ఒప్పుకున్నారనుకుందాం. రోజుకు 180, ఆరు రోజులకు 1,080, అయిదు వారాలకు 5,400 రూపాయలు. సీజను చివర్లో ఇస్తామనే మాటకు ఒప్పుకోకుండా వారం వారం తీసుకుని, అదే పుస్తకంలో రాసుకోవడం మంచిది.

ఘాటుతో జాగ్రత్త. గాలి వచ్చే వైపు కూర్చోవాలి, ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండాలి. మిరప మంట నీళ్లకు లొంగదు. ముందు చేతులకు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. ఇంటికొచ్చాక కూడా దగ్గు ఆగకపోతే, ఛాతీ పట్టేసినట్టుంటే ఆ పని మానేయాల్సిందే. ఉబ్బసం ఉన్నవాళ్లు అసలు చేరకూడదు.

మే మధ్యలో గుంటూరు మిర్చియార్డుకు వేసవి సెలవులిస్తారు, కళ్లాలు కూడా ఖాళీ అవుతాయి. అప్పుడు నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు బజార్లలో పెళ్లిళ్ల గిరాకీ ఉన్న బట్టల కొట్లు, బడులు తెరిచే ముందు పుస్తకాల కొట్లు చూసుకోవచ్చు. యజమాని పిల్లాడి పేరు, పుట్టిన తేదీ, పని గంటలు రిజిస్టరులో రాయాలి. వయసుకు పదో తరగతి సర్టిఫికెట్టు చాలు. 'పేరు రాయంలే, రాత్రి తొమ్మిది దాకా ఉండాలి' అన్న కొట్టుకు వెళ్లకపోవడమే మంచిది.

అక్కడ ఎదురయ్యే అసలు ప్రమాదం బండి. 'ఈ పార్సిలు ఇచ్చిరా, మా బండి తీసుకెళ్లు' అంటారు. పదహారు నిండినవాళ్లకు కూడా గేర్లు లేని, యాభై సీసీ దాటని బండికే లైసెన్సు ఇస్తారు. అది దాటి నడుపుతూ దొరికితే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా పడొచ్చు. కళ్లంలో అయిదు వారాలు సంపాదించింది అందులో పావు వంతు కూడా ఉండదు.