నూడుల్స్ ప్యాకెట్ వెనక వైపు

ఒక బంధువు వాట్సాప్‌లో నూడుల్స్ ప్యాకెట్ ఫొటో పంపి, ‘ఇది పిల్లలకు పెట్టొచ్చా?’ అని అడిగింది. పోషకాల పట్టికలో 100 గ్రాములకు సోడియం 1200 మిల్లీగ్రాములు అని ఉంది. ప్యాకెట్ 70 గ్రాములు. అంటే ఒక్కటి తింటే 840. దాన్ని రెండున్నరతో గుణిస్తే సుమారు 2.1 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకే రోజుకు ఐదు గ్రాములు మించొద్దంటారు!

పదార్థాల జాబితాలో బరువు ఎక్కువున్నదే ముందుంటుంది. ఇక్కడ మైదా, ఆ వెంటనే పామాయిల్. మసాలాకు మాత్రం వేరే జాబితా ఉంది, దాని వరుస దానిదే. అందులో మొదటి పేరే ఉప్పు. మసాలా సగమే వేస్తే ఉప్పు కొంత తగ్గుతుంది.

చివర్లో 635 అనే అంకె. అది రుచి పెంచేది. చాలామంది భయపడే అజినోమోటో అంకె 621, అది ఇందులో లేదు. అంకె ఉందంటే విషమని కాదు, పసుపులోని రంగుకూ 100 అనే అంకె ఉంది. ఫొటోలో మడత కింద రెండు వరుసలు దాగిపోయాయి. అలెర్జీ హెచ్చరిక సాధారణంగా అక్కడే ఉంటుంది కాబట్టి, ప్యాకెట్‌ను చదునుగా పరిచి మళ్లీ తీయమన్నాను.