మామయ్య చేతిలో పెట్టిన పుస్తకం

మేనమామ పుస్తకం ఇచ్చాడు, కుర్రాడు మారిపోయాడు అనే కథల్లో రాత్రికి రాత్రే పుస్తకాల పురుగయ్యేవాణ్ణి నేను నమ్మను. మార్పు చిన్నదైతేనే కథ నిలుస్తుంది.

పదో తరగతి సెలవుల్లో ఒక మామయ్య, మేనల్లుడి సెల్లు లాక్కుని మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ చేతిలో పెట్టాడనుకుందాం. “ఇరవై పేజీలు చదివి చెప్పు, అప్పుడిస్తా.” ఆయన మాటకి ఇంట్లో ఎదురులేదు. వాడు విసుక్కుంటూనే తెరిచాడు.

మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరిన పార్వతీశం దారిలో ఆడవాళ్ల టోపీ కొనుక్కుంటాడు. అక్కడ కుర్రాడికి నవ్వాగలేదు. కాసేపటికి ఆ నవ్వు తగ్గింది. జూన్‌లో తనూ విజయవాడ హాస్టల్లో చేరాలి. తెలియకపోయినా అడగడానికి మొహమాటపడే గుణం తనకీ ఉంది.

రాత్రి కథ చెప్పకుండా, “మామయ్యా, ఊరొదిలినప్పుడు నీకు భయమేసిందా?” అన్నాడు.

మామయ్య కళ్లజోడు తీశాడు. “మెస్సెక్కడో అడగడానికి సిగ్గేసి రెండు రోజులు అరటిపళ్లతో గడిపాన్రా.”

సెల్లు తిరిగొచ్చింది, దాని వాడకమూ తగ్గలేదు. హాస్టల్లో దిగిన సాయంత్రం మాత్రం వాడు మెస్సెటో పక్కవాణ్ణి అడిగేశాడు.