ఫైటింగ్ గేమ్‌లో ఫ్రేము తప్పితే తప్పెవరిది?

స్ట్రీట్ ఫైటర్ 6లో ‘డ్రైవ్ ఇంపాక్ట్’ అనే దెబ్బ ఒకటుంది. రంగులు చిమ్ముకుంటూ మీదికి దూసుకొచ్చే ఈ దెబ్బ తగలడానికి 26 ఫ్రేములు పడుతుంది. ఆట సెకనుకు 60 ఫ్రేముల చొప్పున నడుస్తుంది కాబట్టి ఒక్కో ఫ్రేము వయసు 16.7 మిల్లీసెకన్లు. అంటే మొత్తం సుమారు 433 మిల్లీసెకన్లు, అర సెకను కూడా కాదు. అవతలివాడు మొదలుపెట్టడం చూసి ఈలోపే తనూ అదే దెబ్బ వేసినవాడు ఎదురుదెబ్బ కొడతాడు. ఆలస్యమైనవాడు గోడకు కొట్టుకుంటాడు.

గోడకు కొట్టుకున్నవాడు ముందుగా అనుమానించేది ఒళ్లో ఉన్న ఆర్కేడ్ స్టిక్‌ని. ఎడమచేతికి లీవరు, కుడిచేతికి బటన్లు ఉండే ఈ పెట్టెను పాత వీడియో గేమ్ పార్లర్ల యంత్రాల నమూనాలో చేస్తారు. ‘నేను సరిగ్గానే నొక్కాను, ఇదే పట్టుకోలేదు’ అన్న ఫిర్యాదు ఆటగాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. దానికి తగ్గట్టే అమ్మేవాళ్లు పెట్టెల మీద ‘1000 హెర్ట్జ్ పోలింగ్ రేటు’ అనీ, ‘ఆలస్యం లేని వైర్‌లెస్’ అనీ అచ్చువేస్తారు. ఈ అంకెలు చేతికి నిజంగా ఎంత తెలుస్తాయి?

యూఎస్‌బీ తీగ మీద స్టిక్ తనంతట తాను మాట్లాడలేదు. బటన్ నొక్కినా, కంప్యూటరో కన్సోలో వచ్చి ‘ఏమైనా ఉందా?’ అని అడిగేదాకా ఆ కబురు లోపలే ఉంటుంది. ఇలా సెకనుకు ఎన్నిసార్లు అడుగుతుందన్నదే పోలింగ్ రేటు. 125 హెర్ట్జ్ అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి, 1000 హెర్ట్జ్ అంటే మిల్లీసెకనుకు ఒకసారి. నొక్కడం ఎప్పుడైనా జరగవచ్చు కాబట్టి సగటున ఆ వ్యవధిలో సగం సేపు నిరీక్షణ తప్పదు. మొదటి దాంట్లో అది 4 మిల్లీసెకన్లు, రెండో దాంట్లో అర మిల్లీసెకను. తేడా మూడున్నర.

ఈ మూడున్నరను మనిషి నేరుగా పసిగట్టలేడు. కానీ ఆట కాలాన్ని మిల్లీసెకన్లలో కాక ఫ్రేముల్లో లెక్కిస్తుంది. స్టేషనుకు వెళ్లే సిటీబస్సు 8 నిమిషాలకొకటి ఉందనీ, అక్కడ రైలు సుమారు 17 నిమిషాలకొకటి బయల్దేరుతుందనీ అనుకుందాం. బస్సు కాస్త ఆలస్యమైనా చాలాసార్లు అదే రైలు దొరుకుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం రైలు కళ్లముందే కదిలిపోతుంది. అప్పుడు పోయేది రెండు మూడు నిమిషాలు కాదు, పూర్తిగా 17. బటన్ విషయంలోనూ అంతే. 3.5ని 16.7తో భాగిస్తే 0.21 వస్తుంది. అంటే 1000 హెర్ట్జ్ స్టిక్‌తో పోలిస్తే 125 హెర్ట్జ్ స్టిక్‌లో దాదాపు ఐదు నొక్కుళ్లలో ఒకటి ఒక ఫ్రేము వెనక పడుతుంది. మిగతా నాలుగింటిలో తేడా సున్నా.

చేతికి చిరాకు తెప్పించేది ఈ నిలకడలేమే. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే సాధనలో వేళ్లు దానికి సర్దుకుంటాయి, తెలియకుండానే కొంచెం ముందుగా నొక్కడం అలవాటవుతుంది. ఒకసారి అందుతూ ఒకసారి తప్పుతూ ఉంటే దేనికని సర్దుకోవడం? స్ట్రీట్ ఫైటర్ 4 రోజుల్లో ఒకే ఒక్క ఫ్రేములో రెండో దెబ్బ పడాల్సిన కాంబోలు ఉండేవి. అక్కడ ఒక ఫ్రేము ఊగిసలాటే కాంబోను తెంచేసేది. స్ట్రీట్ ఫైటర్ 6 కాస్త ముందుగా నొక్కిన బటన్‌ను కొన్ని ఫ్రేములు గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఆ బాధ చాలావరకు తగ్గింది.

వైర్‌లెస్‌ను చూడాల్సింది కూడా ఈ కోణంలోనే. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 79 ఛానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ మాట్లాడుతుంది. స్టిక్‌తో పాటు చిన్న డాంగిల్ ఇచ్చే రకం కూడా సాధారణంగా ఆ పట్టీలోనే పనిచేస్తుంది, కాకపోతే సొంత పద్ధతిలో, ఇంకా చురుగ్గా. మంచి డాంగిల్ ఇంట్లో, రెండడుగుల దూరంలో, తీగకు దీటుగానే నిలుస్తుంది. చిక్కు సగటుతో కాదు. వైఫై, ఫోన్లు, ఇయర్‌బడ్లు అన్నీ ఆ పట్టీలోనే అరుస్తుంటే ఒక్కో కబురు దారిలో చెడిపోతుంది, మళ్లీ పంపాలి. ఆ ఒక్క నొక్కుడు మాత్రం ఆలస్యంగా చేరుతుంది. యూఎస్‌బీ 3 పోర్టు నుంచి వెలువడే రేడియో రొద కూడా ఇదే పట్టీలో పడుతుంది. అందుకే డాంగిల్‌ను హార్డ్‌డిస్కు పక్క పోర్టులో గుచ్చకుండా చిన్న పొడిగింపు తీగతో స్టిక్ దగ్గరికి తెస్తే తరచూ ఫలితం కనిపిస్తుంది.

వందలమంది గుమిగూడే టోర్నమెంటు హాల్లో తీగకే ఓటు పడటానికి మరో కారణమూ ఉంది. ఆట ముగించి లేచిపోయిన ఆటగాడి వైర్‌లెస్ కంట్రోలర్ కన్సోల్‌తో జతకట్టే ఉండిపోతుంది. అతను ఎక్కడో కూర్చుని పొరపాటున బటన్ నొక్కితే ఇక్కడ వేరేవాళ్ల పోటీ ఆగిపోతుంది. మ్యాచ్ మధ్యలో పాజ్ పడితే, కారకుడైన ఆటగాడు ఆ రౌండు కోల్పోవడం చాలా టోర్నమెంట్లలో నియమం. తయారీదారులకూ ఇది తెలుసు. 8బిట్‌డో ఆర్కేడ్ స్టిక్‌లో బ్లూటూత్, డాంగిల్, తీగ మూడూ ఉన్నాయి. సోనీ 2025లో ప్రకటించిన వైర్‌లెస్ స్టిక్ ఫ్లెక్స్‌స్ట్రైక్ కూడా తీగతో పనిచేస్తుంది.

మళ్లీ డ్రైవ్ ఇంపాక్ట్ దగ్గరికి వద్దాం. చేతిలో ఉన్నది 433 మిల్లీసెకన్లు. ఆట ఇంజను, టీవీ కలిసి 70 తీసుకున్నాయనుకుందాం. కన్ను చూసి, అది డ్రైవ్ ఇంపాక్టేనని గుర్తించి, వేలు కదలడానికి అప్రమత్తంగా ఉన్నవాడికి కూడా 280 పట్టిందనుకుందాం. మిగిలేది 83. అందులోంచి 125 హెర్ట్జ్ స్టిక్ సగటున 4 తీస్తుంది, ఎంత దురదృష్టమైనా 8. అదే టీవీలో గేమ్ మోడ్ వేయకపోతే బొమ్మను నునుపు చేసే హంగులు కొన్ని సెట్లలో 50 నుంచి 100 మిల్లీసెకన్ల దాకా తినేస్తాయి. ఆ ఒక్క సెట్టింగుతోనే మిగులు మాయమవుతుంది. కొత్త స్టిక్ కొనేముందు టీవీ మెనూ తెరవాలన్నది ఇందుకే.

స్టిక్ లోపలి బోర్డుకూ వాటా ఉంది. బటన్ కింది మైక్రోస్విచ్ లోహపు పలకలు తగిలిన క్షణంలో కొద్దిసేపు ఎగిరెగిరి పడతాయి. ఒక నొక్కుడు నాలుగుగా లెక్కపడకుండా బోర్డు కాసేపు ఆగి చూస్తుంది. కొన్ని బోర్డులు ఇందుకే 5 మిల్లీసెకన్లు వృథా చేస్తాయి. అటువంటప్పుడు పెట్టె మీది 1000 హెర్ట్జ్ నిజమే అయినా, అడిగినప్పుడల్లా అందేది పాత కబురే.

అనుమానం తీర్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ కెమెరాలో వేలూ తెరా రెండూ కనిపించేలా పెట్టి, ఒకే బటన్‌ను పాతికసార్లు నొక్కి, బటన్ దిగినప్పటి నుంచి బొమ్మ కదిలేదాకా వీడియో ఫ్రేములు లెక్కపెట్టాలి. ఒక్కోటి 4.2 మిల్లీసెకన్లు. గేమ్ మోడ్ వేసీ తీసీ చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వైర్‌లెస్‌లో సగటు కన్నా, అతి తక్కువకూ అతి ఎక్కువకూ మధ్య దూరాన్ని చూడాలి. తీగ పెట్టినప్పటికన్నా అది బాగా పెరిగితే లోపం గాలిదారిలో ఉన్నట్టు. పోలింగ్ రేటు తేడా మాత్రం ఈ కెమెరాకు సరిగా చిక్కదు. లినక్స్ కంప్యూటరుంటే `lsusb` ఇచ్చే గుర్తింపు సంఖ్యను కింద VID:PID ఉన్నచోట వేసి అడగవచ్చు.

```
sudo lsusb -v -d VID:PID | grep bInterval
```

ఆర్కేడ్ స్టిక్‌లలో ఎక్కువగా వాడే ఫుల్ స్పీడ్ యూఎస్‌బీలో ఇక్కడ వచ్చే అంకె మిల్లీసెకన్లే. 1 వస్తే స్టిక్ 1000 హెర్ట్జ్ కోరుతున్నట్టు, 8 వస్తే 125.