అమెరికా టీమ్‌కి మెయిల్ పెడుతున్నారా? సెండ్ కొట్టే ముందు ఈ మాటలు ఒకసారి చూసుకోండి!

'ఐ హ్యావ్ ఎ డౌట్ ఇన్ యువర్ డిజైన్. ప్లీజ్ రివర్ట్ బై ఈవోడీ, 05/06.' హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌కు ఇలా మెయిల్ పెడితే మనకు తప్పేమీ కనిపించదు. కానీ అవతలివాళ్లు దీన్ని మరోలా చదువుతారు.

మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. అమెరికన్లకు మాత్రం అది అపనమ్మకం. అంటే 'మీ డిజైన్ మీద నాకు నమ్మకం లేదు' అన్నట్టు వినిపిస్తుంది. 'క్వశ్చన్' అని రాస్తే సరిపోతుంది.

'రివర్ట్' అంటే మన ఆఫీసుల్లో జవాబివ్వడం. వాళ్లకు పాత స్థితికి మార్చేయడం. సాఫ్ట్‌వేర్ టీమ్ అయితే చేసిన మార్పునే వెనక్కి తీసేసే ప్రమాదం ఉంది. అందుకే 'రిప్లై' అనాలి.

ఇక 05/06 మనకు జూన్ 5, వాళ్లకు మే 6. ఈవోడీ అంటే ఎవరి సాయంత్రం అన్నదీ తేలదు. జూన్‌లో న్యూయార్క్‌లో సాయంత్రం 6 గంటలంటే ఇక్కడ మర్నాడు తెల్లవారుజామున 3.30. నెల పేరు, టైమ్, ఊరు మూడూ రాసేయాలి.

ఇప్పుడు అదే మెయిల్: 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్ అబౌట్ ద డిజైన్. కుడ్ యు రిప్లై బై 5 జూన్, 11 ఏఎం న్యూయార్క్ టైమ్?' ఆదేశం కాస్తా అభ్యర్థన అయింది.

అయితే అన్ని దేశాలకూ ఒకే లెక్క కాదు. సింగపూర్‌లో 'రివర్ట్' మనలాగే వాడతారు. బ్రిటన్‌లో తేదీ కూడా మనలాగే రాస్తారు.